‘మరింత’ నొక్కనివాళ్లు

కోరుట్ల బస్టాండు వెనుక డీటీపీ సెంటర్ నడిపే కల్పన, పెళ్లి కార్డులు, పాంప్లెట్లు కొట్టగా మిగిలిన పొద్దులో చుట్టుపక్కల మనుషుల గురించి బ్లాగు రాస్తుంది. చదివేవాళ్లు వందకు మించరు.

ఈ వేసవిలో సిరిసిల్లకు నాలుగుసార్లు పోయి, అక్కడొక మగ్గాల షెడ్డులో పనిచేసే శారద గురించి రాసింది. మొరాయించిన మరమగ్గాలను బాగుచేసే పని ఆ షెడ్డులో అంతకుముందు ఏ ఆడమనిషీ చేయలేదు. నేర్పింది భర్త పోచయ్య. తాగుడుతో చేతులు వణికి అదే పని పోగొట్టుకున్న మనిషి, తాగుడు మానేశాక భార్య పక్కన కూర్చుని ఒక్కొక్క బోల్టూ విప్పించాడు. తాగుడు సంగతి రాయనా అని అడిగితే అతనే, "రాయి చెల్లె. మానిన ముచ్చట గూడ రాయి" అన్నాడు.

పన్నెండు వందల పదాల్లో తాగుడుకు రెండే వాక్యాలు. మానిన తర్వాతి ఆరేళ్లకు మూడు పేరాలు.

జగిత్యాలలో ఇన్‌స్టా వార్తల పేజీ నడిపే వేణు అది చదివి ఫోన్ చేశాడు. కాలేజీలో ఆమెకు జూనియర్.

"మస్తున్నదక్కా. మా పేజీల ఏస్త. యాభై పదాల క్యాప్షన్ చేసియ్యి."

ఫోన్లో ‘మరింత’ అని నొక్కకముందు కనిపించేది మొదటి వరుసే. అక్కడే మనిషి ఆగాలి, కానీ కథంతా తెలిసిపోకూడదు. పూటంతా కొట్టి తుడిచి చివరికి ఇలా రాసింది: "చప్పుడు విని మగ్గం జబ్బు చెబుతుంది శారద. ఆ విద్య నేర్పిందెవరు?" కింద షెడ్డు గురించి మూడు ముక్కలు, ఆఖరున "పూర్తి కథ లింకు బయోలో".

మర్నాడు పేజీలో దంపతుల ఫోటో కింద మొదటి వరుస వేరే ఉంది: "తాగుబోతు మొగుడి ఉద్యోగం పోయింది. ఈమె చేసిన పని తెలిస్తే షాకవుతారు!" దాని కింద, కథనం: కల్పన.

"ఏంది తమ్మీ గిది? నేను గిట్ల రాసిన్నా?"

"అబద్ధమేమన్న ఉన్నదా అక్కా? నీ బ్లాగుల ఉన్నదే గద."

"నేర్పింది పోచయ్యన్ననే అన్న ముచ్చటేది?"

"లింకుల ఉన్నది గద. నీ లైనుకు ఎవడాగుతడు?"

ఆ సాయంత్రానికి పోస్టును చూసినవాళ్లు రెండు లక్షలు. బ్లాగు తెరిచినవాళ్లు నలభై ఒక్కరు. గట్టిగా పోట్లాడితే వేణు ఆ మొదటి వరుస మార్చాడు. అప్పటికే స్క్రీన్‌షాట్లు షెడ్డువాళ్ల వాట్సాప్ స్టేటసుల్లోకి ఎక్కేశాయి.

తెల్లారి మొదటి బస్సుకే సిరిసిల్ల పోయింది. పోచయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. శారద గడప దాటి బయటకొచ్చింది.

"నేను రాసింది గది కాదక్కా. వేణు మార్చిండు."

"మాకు వేణు ఎవలు? ముచ్చట చెప్పింది నీకు. ఆరేండ్లు ముట్టని మనిషిని నిన్న షెడ్డుల ‘షాక్ మామ’ అని పిలిచిండ్రు."

కల్పన ఫోన్ తీసింది. "బ్లాగుల గూడ తీసేస్త."

శారద ఆమె చెయ్యి పట్టి ఆపింది. "తియ్యకు. ఆయన గురించి సక్కగ రాసింది గదొక్కటే." గొంతు తగ్గించి అంది: "కని, నువ్వు మల్ల మా ఇంటికి రాకు."