వెరీ గుడ్‌కి ఎన్ని పాయింట్లు?

విజయనగరం హోటళ్లలో కాఫీ గ్లాసు అంచుదాకా పోసి ఇవ్వడం ఆ రోజుల్లో మర్యాద. తాగేవాడి తెల్లపంచె సంగతి ఆ మర్యాదలో లెక్కకు రాదు. అరవైల చివర్లో నేను బి.ఇడి. చదివిన ఏడాదంతా నా పంచెలన్నిటికీ కాఫీరంగు అంచులే.

అలాంటి పంచెతోనే మొదటి టెరము చివర ఒక ఉదయం ట్రైనింగు కాలేజీ నోటీసు బోర్డు ముందు నిలబడ్డాను. అంతకు ముందు మేం బడిలో పాఠం చెబితే, వెనక బెంచీలో కూర్చున్న లెక్చరరు మా పాఠాల పుస్తకంలో ఒక మాట రాసి పోయేవారు: ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్, పూర్. ఏ మాటలు ఎన్ని వస్తే పాసో ఎవరికీ తెలియదు గనక అందరూ సుఖంగా ఉండేవారు. ప్రిన్సిపాలు గారికి ఆ సుఖం నచ్చలేదు. ఇకనుంచి ఎక్సలెంట్‌కు నాలుగు పాయింట్లు, గుడ్‌కు మూడు, ఫెయిర్‌కు రెండు, పూర్‌కు ఒకటి. రెండు టెరముల్లో పది పాఠాలకూ కలిపి సగటు రెండున్నర రావాలి. అణువంత తగ్గినా ప్రాక్టికల్స్ పోయినట్టే.

నా గది సహవాసి రాజాం నుంచి వచ్చాడు. ట్రైనింగు లేకుండానే నాలుగేళ్లు సోషల్ చెప్పాడు. బి.ఇడి. పాసైతేనే ఉద్యోగం ఉంటుందని బడివాళ్లు చెప్పి పంపారు. నాకంటే పెద్దవాడు, పెళ్లయినవాడు. నేను బావా అనేవాణ్ణి, అతను ఒరే అనేవాడు. మొదటి టెరములో అతనికి ఆరు పాఠాలకు ఒక గుడ్, నాలుగు ఫెయిర్లు, ఒక పూర్ వచ్చాయి. పన్నెండు పాయింట్లు, సగటు రెండు. పాఠం చెప్పడం రాక కాదు. పిల్లలు అడిగినదానికల్లా జవాబు చెబుతూ పోతే గంట కొట్టేసేవారు, పాఠం నడిమధ్యలో ఆగిపోయేది.

"బయమేటి లేదురా," అన్నాడు ఆ రాత్రి భోజనాల దగ్గర. "ఈ టెరం రెండు. వచ్చే టెరం అన్నీ గుడ్డులే తెచ్చేస్తాను, మూడు. రెండూ మూడూ అయిదు, సగం సేస్తే రెండున్నర."

"ఈ టెరములో ఆరు పాఠాలు బావా, వచ్చే టెరములో నాలుగే. ఆరూ నాలుగూ ఒకే బరువెలా అవుతాయి?"

"అయితే ఏటవుతాది?"

"పది పాఠాలకు ఇరవై అయిదు పాయింట్లు కావాలి. నీ దగ్గర పన్నెండున్నాయి. నాలుగు గుడ్లకు ఇంకో పన్నెండు. మొత్తం ఇరవై నాలుగు. సగటు రెండూ పాయింటు నాలుగు."

ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. "మరేటి సెయ్యమంటావు?"

"మూడు గుడ్లు, ఒక ఎక్సలెంట్."

"ఆ మారాజు ఎక్సలెంటు ఎవరికైనా ఇచ్చినాడేట్రా?"

ఇవ్వలేదు. మా లెక్చరరు గారు తన పాఠం తానే విన్నా ఫెయిర్ రాసి, కింద సలహా కూడా రాసుకునే మనిషి.

రెండో టెరములో మొదటి మూడు పాఠాలకూ మావాడు గుడ్‌లే తెచ్చాడు. నేను కిటికీ పక్కన కూర్చుని, గంట కొట్టడానికి పది నిమిషాల ముందు దగ్గేవాణ్ణి. ఆ పది నిమిషాల్లో అతను పాఠం ముగించేసేవాడు. నాకు నిజంగానే దగ్గు పట్టుకుంది.

చివరి పాఠం గోగు పంట. నెల్లిమర్ల నుంచి గోగునార కట్ట ఒకటి భుజాన వేసుకొచ్చాడు. పిల్లలు దాన్ని పీకి, పేని, తాళ్లు చేసి చూపించారు. ఒక పిల్ల, నార నానబెట్టిన చెరువు కంపు ఎలా ఉంటుందో క్లాసంతటికీ వర్ణించింది. నేను దగ్గకుండానే పాఠం సమయానికి ముగిసింది. లెక్చరరు గారు చాలాసేపు ఆలోచించి ఒక మాట రాసి వెళ్లిపోయారు.

ఇద్దరం పుస్తకం తెరిచాం. వెరీ గుడ్.

ఆఫీసు గుమాస్తా పాయింట్ల పట్టికను కిందినుంచి పైకీ, పైనుంచి కిందికీ చదివాడు. "ఈ మాట ఇక్కడ లేదండి. మూడు వెయ్యమంటారా, నాలుగు వెయ్యమంటారా?"

"రెంటికీ మధ్యన మూడున్నర వేస్తే?" అన్నాను నేను, సాయం చేద్దామని.

"వేస్తే మొత్తమెంత?" అన్నాడు మావాడు.

"ఇరవై నాలుగున్నర. సగటు రెండూ పాయింటు నాలుగు అయిదు."

"నూతిలో పడ్డోణ్ణి సగం దాకా లాగి వదిలీడానికి నువ్వెందుకురా?"

గుమాస్తా చేతులెత్తేసి, రాసినాయన్నే అడగమన్నాడు. వెళ్లాం. లెక్చరరు గారు స్టాఫు రూములో కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. సంగతంతా విని నవ్వారు.

"మాటకి ఒక రుచి ఉంటుందయ్యా, దాన్ని అంకెల్లో పెట్టమంటే ఎలా? గుడ్ అంటే నీ పాఠాన్ని తక్కువ చేసినట్టవుతుంది. ఎక్సలెంట్ అంటే, మరీ అంత దూరం వెళ్లలేను. కానీ నార తేవడం చక్కటి ఆలోచన. పిల్లల చేత పేనించావే, అది ఇంకా బాగుంది. ఆ పిల్ల చేత కంపు గురించి చెప్పించడం అయితే..."

మావాడు చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

"బాగుందని సెప్పకండి మాష్టారూ. మూడో నాలుగో సెప్పండి."