లచ్చమ్మ విప్పిన గడ్డం కట్టు

గద్వాలలో నా పళ్ల దవాఖాన లోపలికి చెప్పులతో వచ్చే మనిషి లచ్చమ్మ ఒక్కతే. మొదటిసారి వచ్చినప్పుడు మా కాంపౌండర్ ఆపబోతే, "నా చెప్పులు పోతే నువ్వు కొనిస్తవా?" అని నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది. అయిజ పక్క ఊరు ఆమెది. కొడుకు కడుపులో ఉండగానే మొగుడు పోతే, విత్తన పత్తి చేలలో కూలికి పోయి, కౌలు చేసి వాణ్ని పెంచింది. ఎవరి ముందూ తగ్గి మాట్లాడటం ఆమెకు చేతకాదు. నాకూ చేతకాదు కనుక మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఆమె కొంగు పట్టుకుని ఏడేళ్ల మనుమరాలు పూజ. సాగినట్టున్న పొడుగు మొహం, కళ్ల కింద నలుపు, ముందుకు తోసుకొచ్చిన పై పళ్లు. పెదవులు కలవడమే లేదు.

"బళ్లె పొల్లగాండ్లు దీన్ని పండ్ల పూజ అంటుండ్రు. దీని నాయిన క్లిప్పు ఏపియ్యమంటుండు. ఏస్తవా, ఎయ్యవా?"

"ఎయ్యనవ్వా," అన్నాను. "ముందు దీని ముక్కు సంగతి చూడాలె."

"పండ్ల డాక్టరువు, ముక్కుతోటి నీకేం పని?"

పూజను పెదవులు మూసి ముక్కుతో గాలి పీల్చమన్నాను. పాపం, నాలుగు ఊపిర్లు కూడా తీయలేదు. మొహం ఎర్రబడి, చప్పున నోరు తెరిచి ఎగపోసింది.

గురక పెడుతుందా అని అడిగాను. "గురకనా? బర్రె ఒగర్చినట్లుంటది. పక్కంతా పొర్లుతది. బువ్వ తింటే నడుమ నడుమ నమలుడు ఆపి గాలి పీలుస్తది. గింత అన్నం గంటసేపు తింటదని మా కోడలు కొడ్తది. పిలిస్తే ఒక్కోపారి పలుకనే పలుకదు."

నోరు తెరిపించి చూశాను. అంగిలి ఇరుకై, లోతుగా పైకి పోయింది. ఒక పక్కన పై దవడ పళ్లు కింది పళ్లకు లోపలగా పడుతున్నాయి. ముక్కు వెనకాల, కొండనాలుకకు పైన, అడినాయిడ్స్ అనే మెత్తటి కండ పిల్లలందరికీ ఉంటుందనీ, కొందరికి అది బాగా పెరిగి ముక్కు దారి మూసేస్తుందనీ చెప్పాను. అప్పుడు పిల్ల నోటితోనే బతకాలి.

లచ్చమ్మ పూజను దగ్గరికి లాక్కుంది. "అయితే గా తువ్వాల కట్టుడు తప్పే గదా?" అంది.

ఏం తువ్వాల? అప్పుడు చెప్పింది. నోటికి పట్టీ అంటిస్తే ముక్కుతో ఊపిరి అలవాటవుతుందని కొడుకు జగదీశ్ ఫోన్‌లో ఎక్కడో చూశాడట. ఇంట్లో పట్టీ లేదు. తువ్వాలను గడ్డం కింది నుంచి నెత్తి మీదికి బిగించి కట్టి పండబెట్టాడు. తెల్లారి లచ్చమ్మ లేచి మనుమరాలిని చూసి కెవ్వుమంది. వాళ్ల ఊళ్లో గడ్డం అట్లా కట్టేది పీనుగకు.

"బతికున్న పొల్లకు గడ్డం కడ్తావురా, నీ చేతులిరగ! అని పీకి పొయ్యిల ఏసిన," అంది.

నాకు ఒళ్లు మండింది. ముక్కు మూసుకుపోయిన పిల్లకు నోరు కూడా కట్టేస్తే గాలి ఏ దారిన పోవాలి? ఈ ఫోన్ వైద్యులకు ఎంత చెప్పినా బుద్ధి రాదు.

చెవి ముక్కు గొంతు డాక్టరు రాఘవేందర్ దగ్గరికి పంపించాను. సన్నటి గొట్టం కెమెరాతో చూసి, దారి దాదాపు మూసుకుపోయిందన్నాడు. చెవి కర్ణభేరి వెనక నీరు చేరిందనీ, పిలిస్తే పలకకపోవడం పొగరు కాదు, వినపడకనేననీ చెప్పాడు. ముక్కులో కొట్టే మందు కొన్ని వారాలు వాడించాడు. కొందరు పిల్లలకు దానితోనే తగ్గుతుంది. పూజకు తగ్గలేదు. ఆపరేషన్ చేయాలన్నాడు.

అంతే, జగదీశ్ తల్లినీ పెళ్లాం ఉమారాణినీ పిల్లనూ వెంటేసుకుని నా మీదికి వచ్చాడు.

"క్లిప్పు ఎయ్యమంటే గొంతు కోపిస్తరా మేడం? పన్నెండేండ్లొస్తే ఆ కండ అదే కరుగుతదంటుండ్రు."

"కరగొచ్చు. అప్పటిదాంక మొహం పెరుగుడు ఆగుతదా?" అన్నాను. "నువ్వు నోరు మూసుకుని కూచో. నీ నాలుక యాడుంది?"

నోరు మూసి, చూసుకుని, "అంగిట్ల ఆనింది," అన్నాడు.

"ఇప్పుడు నోరు తెరిచి గాలి పీల్చు."

"కిందికి జారింది."

"పై దవడను లోపలి నుంచి ఆపేది ఆ నాలుకనే. అది రాత్రింబగళ్లు కిందనే పడి ఉంటే, బుగ్గలు బయటి నుంచి ఒత్తుతయి. దవడ ఇరుకైతది, పండ్లకు జాగ ఉండదు. కింది దవడ కిందికి, ఎనకకు జారి మొహం సాగుతది. కండ కరిగినా, ఒకసారి గట్ల పెరిగిన ఎముక ఎనకకు రాదు. ఇప్పుడు క్లిప్పు ఏసినా ముక్కు తెరవకపోతే నా పని గంగల కలుస్తది."

"ఏమన్నగాని, నేనైతే ఒప్పుకోను. ఆడపొల్ల, గొంతు పోతే ఎవరు జవాబు?"

లచ్చమ్మ కుర్చీలోంచి లేచింది. "గొంతు పోతదని ఇప్పుడు పరేషాన్ అయితున్నవా? పీనుగ లెక్క కట్టిననాడు ఊపిరి పోతదని అనిపియ్యలే? నేను సచ్చినంక నా గడ్డం కట్టు, ఒద్దనను. అప్పటిదాంక నేను ఊకోను, నా మనుమరాలిని ముట్టనియ్యను!"

"నువ్వెవరే? సంతకం తల్లో తండ్రో పెట్టాలె. నేను పెట్టను," అన్నాడు జగదీశ్.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నేల చూస్తున్న ఉమారాణి తలెత్తింది. ఆమె గొంతు నేను మొదటిసారి విన్నది అప్పుడే.

"నేను పెడ్త. ఆ నాడు తువ్వాల ముడి ఏసింది నువ్వు. అది గింజుకుంటుంటే చేతులు పట్టుకున్నది నేను. మల్లోపారి నీ మాట ఇని నా బిడ్డను పట్టుకోను."

జగదీశ్ లేచి వెళ్లిపోయాడు. ఆపరేషన్ రోజు కూడా రాలేదు. అత్తాకోడళ్లిద్దరే పోయారు. మత్తిచ్చి నోటి లోపలి నుంచే కండ తీశారు, బయట గాటు లేదు. కొన్నాళ్లు గొంతు ముక్కుతో మాట్లాడినట్టు వినిపించింది, తర్వాత సర్దుకుంది. నోరు తెరిచే అలవాటు మాత్రం వెంటనే పోలేదు. పెదవులు కలిపి ఉంచడం పిల్లకు నేర్పించాల్సి వచ్చింది. ఇరుకైన అంగిలి కూడా దానంతటది వెడల్పు కాదు. దాన్ని మెల్లగా వెడల్పు చేసే తీగ సామాను నేను బిగించాను. ఇంకా పని ఉంది, ఏళ్లు పడుతుంది.

వానాకాలంలో ఒకనాడు ఆ సామాను చూపించడానికి వచ్చి లచ్చమ్మ కూర్చుంది. కూర్చోగానే నవ్వు.

"నిన్న నా కొడుకు పత్తికి పురుగుల మందు కొట్టొచ్చి, అట్లనే బిడ్డ పక్కకు ఒరిగిండు. ఇది లేసి ముక్కు పట్టుకుంది. నాయినా, కంపు కొడుతున్నవ్, పో, తానం చేసి రాపో అని ఎగిరి తన్నింది. వాడు ఏండ్ల సంది మందు కొడ్తనే ఉండు తల్లీ. ఇది పుట్టినకాడికెళ్లి ఒక్కనాడు అన్నదా? ముక్కు తెరిచేదాంక దీనికి వాసనంటేనే తెల్వదు!"

"మరి జగదీశ్ ఏమన్నడు?"

"ఏమంటడు? లేసిపోయి నీళ్లు పోసుకున్నడు. పోసుకుంటనే ఏడ్చిండు, నాకు ఇనబడ్డది." చెంగుతో మొహం తుడుచుకుంది లచ్చమ్మ. "ఏడ్వనీ అని నేను లేవలే."