నడిమి పట్టీ నల్లగా ఉందన్నవాడు

మైసూరు మహారాజావారి కాలేజీలో లెక్చరర్ అయిన ఒక పెద్దమనిషి ఎండాకాలం సెలవులకు పావగడలోని తన ఇంటికి వచ్చేవాడు. ఆయన సిఫారసు లేనిదే మా తాలూకావాడెవడికీ కాలేజీ లాబొరేటరీలో పిల్లలకు ప్రయోగాలు చూపించే డెమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం దొరకదని అందరికీ తెలుసు. కావాల్సినవాళ్లు ఆయన వసారాలో కూర్చోవాలి, ఆయన ఒక్క ప్రశ్న వేస్తాడు. ఇంటర్వ్యూ అంటే అంతే. నేను ఫిజిక్స్‌లో ఆనర్స్ పాసై మా ఊరు మంగళవాడలో ఊరికే తిని కూర్చున్నాను. ఆ ఒక్క ఉద్యోగం కోసం పోయాను. ఆయన భార్య తమ్ముడు నాకన్నా ముందే వచ్చి గోడకు ఆనుకుని ఉన్నాడు. వాడూ ఆ ఉద్యోగానికే.

లెక్చరర్ గొప్పతనం ఆయన కోటులో ఉండేది. మండుటెండలోనూ దాన్ని విప్పేవాడు కాదు.

"ఏమప్పా, ఒక్క చీలిక గుండా పోయిన వెలుతురు దూరంగా ఎట్ల పడతాదో లెక్క కట్టి చూపించు," అన్నాడు.

నాకు పండగే అయింది. సుద్దముక్క తీసుకుని వసారా బండల మీదే మొదలుపెట్టాను. చీలిక వెడల్పు a. దాని మేరలో అల ఎత్తు ఒకటి, బయట సున్న. చీలికలోని ఒక్కో బిందువు నుంచి బయలుదేరిన అల, దూరంలో ఒక దిక్కుకు చేరేటప్పటికి ఆ బిందువు ఉన్న చోటును బట్టి వెనకబడుతుంది. కాబట్టి ఒక్కో దిక్కు చీలికలోని ఒక్కో పౌనఃపున్యానికి జవాబు. ఇక్కడ పౌనఃపున్యం అంటే సెకనుకు కాదు, అంగుళానికి ఎన్ని అలలు అని. వాలుకోణపు సైనును తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చేది అదే, దాన్ని ν అన్నాను. ఆ అలలన్నీ చీలిక మేర కూడితే, అంటే చీలికకు ట్రాన్స్‌ఫార్మ్ తీస్తే, sin(πaν) కింద πν వస్తుంది. దాని వర్గమే వెలుతురు. ν విలువ 1/a, 2/a అయినచోట చీకటి, రెండు పక్కలా.

"ν సున్న అయితే?" అన్నాడు కళ్లు చిన్నవి చేసి.

"మధ్యలో అన్ని అలలూ ఒకదానికొకటి వెనకబడకుండా చేరతాయి సార్. మొత్తం a. అక్కడే ఎక్కువ వెలుతురు."

"సైన్ సున్న ఎంతప్పా?"

"సున్నే సార్. కానీ కింద కూడా..."

"సున్న అంటే సున్నే. నడిమి పట్టీ నల్లగానే ఉండల్ల."

నాకు నవ్వొచ్చింది, దాచుకోలేకపోయాను. సున్నను సున్నతో భాగించకూడదని ఎనిమిదో తరగతి పిల్లలకూ తెలుసు. ఇంత పెద్ద జీతం తీసుకునే ఈయన, భిన్నంలో పైనున్న సున్నను మాత్రమే చూశాడు.

"చూద్దాం సార్," అన్నాను. లోపలికి పోయి గది తలుపులు మూసి, కిటికీ రెక్కల మధ్య వెంట్రుకవాసి సందు వదిలి, దానికి ఎర్ర గాజు అడ్డం పెట్టాం. క్షవరం బ్లేడులు రెండు, మధ్య సన్న చీలిక వదిలి పక్కపక్కన పట్టుకుని, గది ఆ చివరి నుంచి కంటికి ఆనించి చూడాలి. కంటిలోని కటకమే దూరపు తెరను రెప్పల వెనక్కి తెచ్చిపెడుతుంది. నడుమ ఎర్రటి వెడల్పు పట్టీ కనిపించింది. అటూ ఇటూ దానిలో సగం వెడల్పున్న మసక పట్టీలు. బ్లేడులు ఇంకా దగ్గరికి నొక్కితే పట్టీలన్నీ సాగాయి. చీలిక సన్నబడేకొద్దీ చిత్రం విశాలమవుతుంది, లెక్క చెప్పింది కూడా అదే.

బ్లేడులు ఆయన బావమరిదికి ఇచ్చాను. వాడు ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. ఆ మొహం మీద ఎర్ర వెలుతురు పడుతూనే ఉంది.

"ఏం కనబడతా ఉండాదిరా?" అని బావ అడిగాడు.

"మీరు చెప్పినట్లే బావా. నడుమ నల్లగా ఉండాది."

గుడ్డివాడైనా అంత ధైర్యంగా చెప్పడు. నేను నోరు తెరవబోయేంతలో లెక్చరర్ తానే బ్లేడులు తీసుకుని చూశాడు. కోటు భుజాలు కొద్దిగా జారాయి. చాలాసేపటికి కన్ను తీసి, తలుపు తెరిచి, నా వైపు కాక వసారా నేల మీది లెక్క వైపు చూశాడు.

"నీ లెక్క సరిగ్గా ఉండాదప్పా. నడిమిదే ఎక్కువ వెలుతురు," అన్నాడు మెల్లగా.

ఉద్యోగం నాదే అనుకున్నాను.

"కానీ లాబొరేటరీలో నాకు నీలాంటోడు వద్దు. రోజూ నాతో చూద్దాం సార్, చూద్దాం సార్ అంటావు. నేను చెప్పింది చూసేవాడే కావల్ల." బావమరిది భుజం తట్టాడు.

అంతకుముందు ఆయనకు సంగతి తెలియదనుకుని జాలిపడ్డాను. తెలిసీ ఆ మాట అన్నాక ఆ జాలి పోయింది. నేను మంగళవాడ బడిలో ఎక్కాలు చెప్పి బతికాను. కాలేజీలో మాత్రం ఏటా కొత్తగా చేరే పిల్లల పక్కన నిలబడి, వాళ్లు చూసింది తప్పని చెప్పడానికి ఒక జీతగాడు ఉన్నాడు.