కొసరు పెట్టె

కోడిపిల్ల కంట్లో చుక్క వెయ్యడం ఏమంత విద్య అని నవ్వేవాళ్లను ఒక పొద్దున వెయ్యి పిల్లల ముందు కూర్చోబెట్టాలి. నూరో పిల్లకు నడుము పట్టేస్తుంది. రెండు నూర్లు దాటాక చుక్క కంట్లో పడిందా, ముక్కు మీద పడిందా అన్న పట్టింపు కూడా పోతుంది. తిరుమలమ్మకు మాత్రం వెయ్యో పిల్లా మొదటి పిల్లా ఒకటే. చుక్క వేసి, పిల్ల రెప్ప ఆర్పి మందు లోపలికి తీసుకునేదాకా ఆగి, అప్పుడే వదిలేది.

నా పేరు శాంతయ్య. పూతలపట్టు పశువుల ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు కాంపౌండరుగా చేశాను. పంతొమ్మిది వందల ఎనభై దాటాక మా చుట్టుపక్కల గుడ్లకోళ్ల షెడ్లు వానాకాలం పుట్టగొడుగుల్లా లేచాయి. చేతిలో పైసలున్న ప్రతివాడూ కోళ్లవాడే అయ్యాడు. తెగుళ్లు రాకుండా వేసే టీకా మందులు నా ఫ్రిజ్‌లో ఉండేవి, వేసే చెయ్యి మాత్రం తిరుమలమ్మది. ఆమె కాణిపాకం గుడి దగ్గర పూలు కట్టుకుని బతికే మనిషి. మల్లెమొగ్గ నలగకుండా కట్టే వేళ్లు కదా, పిల్లను పట్టుకుంటే అది అరిచేది కూడా కాదు. ఆమె హస్తవాసి మంచిదని ఊళ్లన్నీ పిలిచేవి.

అలాంటి ఆమెను ఒక ఏడాది ఎవరూ పిలవలేదు. మునికృష్ణ షెడ్‌లో మూడున్నర వారాల పిల్లలకు కొక్కెర తెగులు తగిలింది. రాణిఖేత్ అని మేం పుస్తకాల్లో రాసుకునేది అదే. పచ్చగా రెట్ట పారడం, నోరు తెరిచి ఎగశ్వాస, మెడలు మెలితిరగడం. పద్ధెనిమిది పిల్లలు చచ్చాయి. మిగిలినవి రాయిలా నిలబడ్డాయి గానీ, ఆ మాట ఎవరు చెప్పుకుంటారు? "తిరుమలమ్మ చెయ్యి చెడింది" అన్నాడు మునికృష్ణ. చిత్తూరులో బెల్లం మండీ ఉన్న మనిషి, నోరు పెద్దది. ఆ మాట పాకాల దాకా పాకింది. తిరుమలమ్మ మళ్లీ పూలబుట్ట పట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. అయినా మందు పనిచేయకపోవడానికి కారణమేమని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఐసు కరగలేదు, మందు పాతది కాదు, పిల్లలకు ఏడో రోజున వెయ్యాలన్న లెక్క తప్పలేదు.

మరుసటి ఏడు మునికృష్ణ కొత్త పిల్లలను దించినప్పుడు నేను పట్టుబట్టాను. "ఆమె వస్తేనే మందిస్తా. లేదంటే నువ్వే వేసుకో" అన్నాను. సర్కారు మందును అలా బిగబట్టే హక్కు నాకు లేదు. అతనికి ఆ సంగతి తెలియదు కాబట్టి సరిపోయింది.

ఏడో రోజు తెల్లవారుతుండగానే మొదలుపెట్టాం. నేను ఫ్లాస్కులో ఐసు మధ్య పది సీసాలు తెచ్చాను. సీసాకు నూరు పిల్లలు. ఒకటి అయ్యాకే ఇంకొకటి కలిపేవాళ్లం, ఎందుకంటే కలిపిన మందు రెండు గంటలు దాటితే నీళ్లతో సమానం. తిరుమలమ్మ ఆ పొద్దున పిల్లల మీద నుంచి చూపు తిప్పలేదు. ఈసారి కూడా మెడలు తిరిగితే ఇక జన్మలో ఎవరూ పిలవరని ఆమెకు తెలుసు. పది సీసాలు అయ్యేసరికి ఎండ షెడ్‌లోకి వచ్చింది.

చేతులు కడుక్కోవడానికి తిరుమలమ్మ షెడ్ పక్కనే ఉన్న మునికృష్ణ ఇంటి వసారాలోకి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను, మునికృష్ణ భార్య జ్ఞానాంబ కాఫీ ఇస్తానంది మరి. వసారా మూల ఒక అట్టపెట్టె, దాని మీద వేలాడుతున్న బల్బు, లోపల కిచకిచ.

"ఇవేం పిల్లలు తల్లీ?" అంది తిరుమలమ్మ.

"అవా? కొసరు పిల్లలక్కా. వెయ్యికి ఇరవై కొసరిచ్చినారు. దావలో సస్తే సరిపెట్టుకోమని."

"వీటికి సుక్క?"

"కొసరు లెక్కలోకి రాదని ఆయన ఈడనే పెట్టించినాడు. మీరు పోయినాక షెడ్‌లో కలుపుతాడు. పోయినేడూ అట్లనే కదా."

తిరుమలమ్మ తడిచేతులతోనే నా వైపు తిరిగింది. "శాంతయ్యా, పోయినేడు సచ్చినవి ఎన్ని?"

"పద్ధెనిమిది."

"తల్లీ, పోయినేడు కొసరెన్ని?"

"ఇరవయ్యేనక్కా. కలపకముందే రెండు పోయినాయి."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఏడాదిగా నేను ఐసునూ సీసానూ అనుమానించాను. మునికృష్ణ ఆమె చేతిని అనుమానించాడు. బెల్లం అచ్చు తూచాక మీద వేసే ముక్కను ఎవరూ లెక్కలో రాయరు, ఆ అలవాటుతో అతను ప్రాణమున్న పిల్లలనూ రాయలేదు. తెగులుకు మాత్రం కొసరూ అసలూ ఒకటే.

మునికృష్ణను పిలిచి చెప్తే ముందు ఒప్పుకోలేదు. "పోయినేడు పద్నాలుగో రోజు గంబోరో మందు నీళ్లలో కలిపి పెట్టినాం కదప్పా. అది ఆ కొసరు పిల్లలూ తాగినాయి కదా?"

"ఆ మందు గంబోరో తెగులుకే. కొక్కెర తెగులుకు అది అడ్డం రాదు" అన్నాను. "నీళ్లలో పెట్టేది తాగిన ప్రతిదానికీ అందుతుంది. కంటి చుక్క అట్లా కాదు, వేసిన పిల్లకే. ఇరవై ఎనిమిదో రోజు నీళ్లలో కొక్కెర మందు రెండోసారి పెట్టేలోపే ఆ పద్ధెనిమిదీ పోయినాయి. చుక్క పడినవి ఒక్కటన్నా పోయిందా?"

అతను వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు. లెక్క చేయడం వచ్చినవాడే కదా, ఇంకో సీసా తెమ్మన్నాడు.

నేను సైకిలెక్కి ఆసుపత్రికి పోయి పదకొండో సీసా తెచ్చాను. తిరుమలమ్మ కొసరు పెట్టె ముందు చతికిలబడి ఇరవై పిల్లలకూ చుక్క వేసింది. పొద్దున వెయ్యి పిల్లలకూ మాట లేకుండా చుక్క వేసిన మనిషి ఇప్పుడు ఒక్కొక్కదానితో కబుర్లాడింది. "మీ కొసరు జాతే కదే పోయినేడు నా పేరు చెడగొట్టింది. రా, కన్ను తెరువు."

సీసాలో ఇంకా ఎనభై పిల్లలకు మందుంది. దాచిపెడితే పనికిరాదు. "ఊళ్లో నాటుకోడి పిల్లలుండాయి కదా, పిలవండి" అంది ఆమె. జ్ఞానాంబ వీధిలోకి పోయి కేక వేసింది. జనం గంపలు పట్టుకుని రానైతే వచ్చారు గానీ వాకిట్లోనే ఆగిపోయారు. చుక్క వేసేది ఎవరో చూశారు మరి. ఒకామె గంపను కొంగుతో కప్పుకుని వెనక్కి తిరగబోయింది.

అప్పుడు మునికృష్ణ అరుగు మీదికి ఎక్కాడు. నేను అతన్ని తిట్టని రోజు లేదు ఆ ఏడాదంతా. ఆ పూట మాత్రం మెచ్చుకున్నాను.

"యాడికి పోతారు? నిలవండి," అన్నాడు, మండీలో వేలంపాట పాడే గొంతుతోనే. "పోయినేడు సచ్చిన పద్ధెనిమిదికీ ఈయమ్మ సుక్క వెయ్యనే లేదు. నేనే దాచిపెట్టినాను. తప్పు నాది, సెయ్యి ఈయమ్మది కాదు. ఈ మాట పాకాల దాకా నేనే పోయి చెప్తా."

తిరుమలమ్మ తల వంచుకుంది. ఏడాదిలో ఎంతమంది ఎన్ని మాటలన్నా కన్నీరు పెట్టని మనిషి, సీసా కింద పెట్టకుండానే రెండో చేతి మణికట్టుతో కళ్లు తుడుచుకుంది. గంప కప్పుకున్న ఆమే అందరికంటే ముందు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎన్ని పిల్లలమ్మా?" అంది తిరుమలమ్మ.

"తొమ్మిదక్కా."

"అన్నీ తెచ్చినావా? ఇంట్లో ఒక్కటి కూడా మిగలకూడదు. బిరీన ఇయ్యి, మందు వేడెక్కుతుండాది."