ముప్పై ఆరు గంటల సూది

శివజ్యోతి గొంతెత్తితే బనగానపల్లెలో మామిడికాయలు రాలతాయని ఆసుపత్రిలో అందరూ అనేవారు. ఆలూరు పక్క పల్లెలో జొన్నచేల మీద పిట్టలను తోలి తోలి సంపాదించుకున్న గొంతు అది. ఆ గొంతుతోనే నర్సు చదువు చదివింది, ఇంటికొచ్చిన రెండు పెళ్ళి సంబంధాలనూ గడప దాటించింది, పదకొండేళ్ళుగా పసిబిడ్డల వార్డులో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఆమె తర్వాత వచ్చిన వాచ్‌మన్ కూడా పర్మనెంటు అయ్యాడు. ఆమె కాలేదు. వెయ్యిమంది బిడ్డలు ఆమె చేతుల మీదుగా ఇళ్ళకు పోయారని గొప్పగా చెప్పుకునేవారు. ఇంటికి పోని బిడ్డల లెక్క ఎవరూ చెప్పరు. అది ఆమెకొక్కదానికే తెలుసు.

ఆ సోమవారం పొద్దున ఏడు గంటలకు మహిమ అనే పిల్లకు కాన్పయింది. మొగుడు లేవి ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీకి లారీ తోలుతాడు. ఉమ్మనీరు పోయి రోజున్నర దాటాక, ఒళ్ళు పెనంలా కాలుతుంటే అప్పుడు తీరిగ్గా తీసుకొచ్చారు. ఆడబిడ్డ. కిలో తొమ్మిది వందల గ్రాములు. ఎగశ్వాస తప్ప ఏడుపు లేదు. కడుపులోనే ఇన్ఫెక్షన్ సోకిందని అనుమానం.

"ఎన్నో నెల?" అని డాక్టర్ భూపేష్ అడిగాడు.

మహిమ నోరు తెరిచేలోపే అత్త రాహేలమ్మ అందుకుంది. "ఏడు నిండి ఎనిమిది పడినాది సారూ. పెండ్లయిందే ఏడు నెల్ల కిందట. ముప్పై రెండు వారాలు, కార్డులో గూడ ఉండాది."

కార్డులో ఉన్నది నిజమే. తల్లి చెప్పిన తేదీనే దాన్లో రాస్తారు. మొదటి స్కానేమో ఆరో నెలలో తీయించారు, అప్పటికి వయసు నిక్కచ్చిగా తేలదు. బిడ్డా పిడికెడే ఉంది. ఊపిరి నిలబెట్టే హడావిడిలో ఇంకెవరు అనుమానిస్తారు? డాక్టర్ రక్తం తీయించి ఏ క్రిమో తేల్చే కల్చరు పరీక్షకు పంపి, గోడ మీది మందుల చార్టులో ముప్పై నుంచి ముప్పై నాలుగు వారాల వరుస చూసి రెండు యాంటీబయాటిక్ సూదులు రాశాడు. ఆంపిసిలిన్ కిలోకు యాభై మిల్లీగ్రాములు, పన్నెండు గంటలకోసారి. జెంటామైసిన్ కిలోకు ఐదు, ముప్పై ఆరు గంటలకోసారి. ఈ బిడ్డ బరువుకు తొంభై ఐదు ఒకటి, తొమ్మిదిన్నర ఒకటి. తొమ్మిది గంటలకు రెండూ శివజ్యోతే ఇచ్చింది.

మంగళవారం ఎనిమిదికి డ్యూటీకి వచ్చేసరికి బిడ్డ బూడిద రంగుకు తిరిగి ఉంది. పాదానికి కట్టిన, ఆక్సిజన్ కొలిచే వైరు మార్చబోయి శివజ్యోతి ఆగిపోయింది. అరికాలంతా గీతలు. వేళ్ళ మొదలు నుంచి మడమ దాకా, ఎండిన చెరువు మట్టి పగిలినట్టు. ముప్పై రెండు వారాల బిడ్డకు ముందు భాగాన ఒకటో రెండో ఉంటాయి, మిగతాదంతా నున్నగా ఉంటుంది. చెవి మడిచి వదిలింది. చెవి టప్పున లేచి నిలబడింది; నెల తక్కువ బిడ్డదైతే మడిచినట్టే ఉండిపోతుంది.

"సార్, ఈ పాప ఎనిమిదో నెల పాప కాదు."

"కార్డు చూశావు కదమ్మా?"

"కార్డుకు పాదాలుండవు సార్. ఈ పాపకుండాయి, వచ్చి చూడండి."

భూపేష్ చూశాడు. వేళ్ళ మీద లెక్కలేశాడు. ముఖం మాడిపోయింది. "నిన్ననే చూసుండాల్సింది. ముప్పై ఆరు పైనే అనిపిస్తాండాది, కడుపులో బరువు పెరగలేదంతే. కానీ బిడ్డ ఇంత నీరసంగా ఉంటే ఈ లెక్క రెండు వారాలు అటూ ఇటూ పోతాది. నిజంగా నెల తక్కువ బిడ్డయితే కిడ్నీలు లేత, జెంటా ఒంట్లోనే నిలిచిపోతాది. తొందరపడితే కిడ్నీకీ చెవులకూ ముప్పు."

"నిండు బిడ్డయితే?"

"కిడ్నీ తొందరగా బయటికి తోసేస్తాది. తొమ్మిదికే సూది పడాల. మనం రాత్రి తొమ్మిదికి రాసుకున్యాం. ఆ పన్నెండు గంటలు రక్తంలో జెంటానే ఉండదు. తల్లి నోట తేదీ రావాల."

గడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తోంది.

బాలింతల వార్డులో రాహేలమ్మ కోడలి మంచాన్ని కోటకు కావలి కాసినట్టు కాస్తోంది. శివజ్యోతి ఆమెను బ్రెడ్డు తెమ్మని కిందికి తోలింది. మంచం మీద కూర్చుని, పదకొండేళ్ళలో మొదటిసారి గొంతు తగ్గించింది.

"మహిమా, నిజం చెప్పు పాపా. కడసారి ఎప్పుడు బయట చేరినావు?"

"చెప్పినాం కదక్కా."

"మీ అత్త చెప్పింది. నువ్వు చెప్పు."

మహిమ అత్త వస్తోందేమోనని తలుపు వైపు చూసింది. "మా మామ చర్చిలో సంఘపెద్ద అక్కా. పెండ్లికి ముందే నిలిచిందని తెలిస్తే మమ్మల్ని ప్రభువు బల్ల కాడికి, రొట్టె తీసుకునేదానికి రానీరు. పెండ్లినాడు తెల్లకోక కట్టుకోని గుడిలో నిలబడినా నేను. మా అత్త నన్ను ఇంట్లో ఉండనీదు."

"బిడ్డ లేవిదేనా?"

"ఆయప్పదే. ఆయప్పకు తెలుసు. వాళ్ళమ్మ ముందర నోరు లెయ్యదు."

"మీ అత్త లెక్కతో మందేస్తే బిడ్డకు చాలదు. ఇంగ ముప్పై నిమిషాలుండాది. ఏ తేదీ?"

మహిమ చెప్పింది. పెళ్ళికి ఏడు వారాల ముందు. అంటే నిన్నటికి ముప్పై ఏడు వారాలు. చెప్పి, "మా అత్తకు చెప్పొద్దక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది.

"నా నోట రాదు" అంది శివజ్యోతి.

షీటులో వరుస మారింది. ఆంపిసిలిన్ అదే తొంభై ఐదు, కానీ ఎనిమిది గంటలకోసారి. జెంటామైసిన్ కిలోకు నాలుగు, అంటే ఏడు పాయింట్ ఆరు, ఇరవై నాలుగు గంటలకోసారి. తొమ్మిదీ ఐదుకు సూది పడింది.

ఆమె నోట రాలేదు. డాక్టర్ నోట వచ్చింది. వైద్యం మారితే ఇంటివాళ్ళకు చెప్పాలని రూలు కదా, వరండాలో రాహేలమ్మను పిలిచి, మహిమ వేడుకోలు సంగతి తెలియక, ఏ పాపమూ ఎరగని ముఖంతో చెప్పాడు. "పాప నెల తక్కువ బిడ్డ కాదమ్మా, నెలలు నిండిన బిడ్డే. అందుకే మందులు మార్చినాం."

శివజ్యోతి చెయ్యెత్తేలోపే మాట దాటిపోయింది. రాహేలమ్మ అరుస్తుందనుకున్నారు, శాపనార్థాలు పెడుతుందనుకున్నారు. ఆమె బ్రెడ్డు పొట్లం బెంచీ మీద పెట్టింది. "నిండిన బిడ్డ" అని ఒక్కసారి అనుకుంది. చెప్పులేసుకుని మెట్లు దిగింది. మళ్ళీ రాలేదు.

కల్చరులో క్రిమి పెరిగింది, ఆ రెండు మందులకూ లొంగేదే. వెన్నునీరు శుభ్రంగా ఉంది, మెదడుకు పాకలేదు. గురువారానికి బిడ్డ రంగు తేరింది, శనివారానికి రొమ్ము పట్టింది. వారం దాటాక మోతాదు మళ్ళీ మారింది, పది రోజులు సూదులు పడ్డాయి. మొదటి రోజు పొరపాటు బిడ్డకు ఏం చేసిందో ఎవరూ చెప్పలేరు. భూపేష్ గోడ మీది ఆ మందుల చార్టు పక్కనే ఎర్ర ఇంకుతో ఒక కాగితం అంటించాడు: 'వారాలు రాసే ముందు తల్లిని ఒంటరిగా అడగాలి.'

లేవి ఒక్కసారే వచ్చాడు. నేల చూస్తూ, "ఎనిమిదో నెలే అని ఉండనిచ్చింటే ఏం పోయేది మేడం?" అన్నాడు.

"నీ కూతురు పోయేది!" ఆ గొంతుకు వార్డులో ఊయలలన్నీ ఉలిక్కిపడ్డాయి. లేవి లారీ లోడు ఉందని వెళ్ళిపోయాడు.

ఇంటికి పంపే రోజు మహిమ ఒక్కతే బిడ్డను తువ్వాలులో చుట్టుకుని నిలబడింది. శివజ్యోతి కార్డు నింపుతూ, "మూడు నెల్లలోపల చెవి పరీక్ష చేపించాల. ఆ సూదికి చెవులు చూసుకోవాల" అని తేదీ రాసి, అడ్రసు గడి దగ్గర ఆగింది. "ఎర్రగుంట్లదే రాసేదా?"

"వద్దక్కా."

"మరి మీ అమ్మోళ్ళది?"

"మా నాయన గూడ రావద్దన్యాడు."

గడి ఖాళీగానే ఉండిపోయింది. దాని కింద శివజ్యోతి తన ఫోను నంబరు రాసింది.

ఆ తేదీ రానే వచ్చింది. చెవి పరీక్ష గది ముందు తొమ్మిదిమంది తల్లులు కూర్చున్నారు. శివజ్యోతి వాళ్ళ ముఖాలు నాలుగుసార్లు చూసింది. రెండు గంటలకు డ్యూటీ దిగి, గది తాళం వేసేదాకా ఆ బెంచీ మీదే కూర్చుంది. ఫోను మోగలేదు.