పరుచుకుపోయిన కుకీలు

అమెరికాలో, మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్లో ఎవరు పోయినా, చర్చి కింద గదిలో పెట్టే భోజనాల్లో అర్డిస్ చేసే చాక్లెట్ కుకీలు ఉండాల్సిందే. బొద్దుగా, లోపల మెత్తగా ఉండేవి. ఆ చలికాలం ఒక భోజనానికి అవి అప్పడాల్లా పరుచుకుని వచ్చాయి.

"ఏమ్మా అర్డిస్, వీటి మీద ట్రాక్టర్ గానీ తోలావా?" అన్నాడు ముసలి హార్లన్. అందరితో పాటు అర్డిస్ కూడా నవ్వింది.

ఇంటికొచ్చి ఓవెన్‌ని తిట్టుకుంది. మెకానిక్ చూసి, వేడి సరిగ్గానే ఉందన్నాడు. అప్పుడు చెల్లెలు లవాన్ పొయ్యి పక్కనున్న వెన్న గిన్నె చూసింది. వెన్న కరిగి నూనైపోయి ఉంది.

"వేలితో నొక్కితే గుంట పడాలి గానీ కారకూడదని నాకు నేర్పింది నువ్వే కదక్కా. కరిగిన వెన్న ఎంత గిలకొట్టినా గాలెక్కడ పట్టుకుంటుంది?"

ఈసారి అర్డిస్ వెన్న సరిగ్గా చూసుకుంది. అయినా కుకీలు పలచగా, కరకరలాడుతూ వచ్చాయి. గోధుమరంగు చక్కెర డబ్బా మూత కూడా తీయలేదు. తేమను పట్టి ఉంచి కుకీని మెత్తగా ఉంచేది ఆ చక్కెరే. దాని బదులు అంతా తెల్ల చక్కెరే పోసేసింది. పోసినట్టు ఆమెకు గుర్తే లేదు. కళ్లద్దాలు మార్చాలేమో అనుకుంది. లవాన్ ఔనంది, కానీ అక్క ముఖంలోకి చూడలేదు.

మరో భోజనం వచ్చినప్పుడు లవాన్ పక్కనే కూర్చుంది. అర్డిస్ చేతులు ఏమీ మరిచిపోలేదు. వెన్న, గోధుమరంగు చక్కెర నురగలా గిలకొట్టింది, పిండి కలిపింది. గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టి సింకు తుడిచింది. వెంటనే మళ్లీ గిన్నె బయటికి తీసి, ముద్దలు చేయడం మొదలుపెట్టింది.

"అదేంటక్కా, అప్పుడే తీశావు? వెన్న గట్టిపడొద్దూ?"

"రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉంది కదే."

అర్డిస్ వేలితో ముద్దను నొక్కింది. చల్లదనం లేదు. వేలికి జిడ్డుగా అంటుకుంది. ఓవెన్‌లో పెడితే అంచులు గట్టిపడేలోపే కరిగి పరుచుకుపోయే పిండి అది. అది ఆమెకు బాగా తెలుసు. తెలియనిదల్లా, తను ఇప్పుడే ఏం చేసిందో.

ఓవెన్ ఆపేసి కుర్చీలో కూలబడింది.

"ఇది కుకీ కాబట్టి బయటపడింది. ఇంకా ఏమేం మరిచిపోయానో నాకెలా తెలుస్తుంది, లవాన్?"

లవాన్ పిండి అంటిన ఆ చేతిని అలాగే పట్టుకుంది.

డాక్టరు చూసి, మతిమరుపు జబ్బు మొదలైందన్నాడు. ఆ తర్వాత చర్చికి లవాన్ కుకీలు చేసింది. అవి బొద్దుగానే వచ్చాయి. అర్డిస్ మాత్రం వంటగది గుమ్మం దాటలేదు. రోజూ కిటికీ దగ్గర కూర్చుని, పొద్దుటి నుంచి ఏమేం చేసిందో పైకి చెప్పుకునేది. సగంలో ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది.