ఎకరం నర్సరీకి ఎన్ని నీళ్లు?

ఆ వారమంతా ఉమాశ్రీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. రాజమండ్రి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెప్తుంది. ఫార్ములాలో అంకెలు వేయించే ప్రశ్నలు పదేళ్లుగా ఇచ్చిచ్చి విసుగెత్తి, ఈసారి పంతం పట్టి కొత్తది రాసింది: ‘కడియంలో ఎకరం నర్సరీకి వేసవిలో రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు కావాలి? తెలియనివి మీరే ఊహించండి. ఊహకు కారణం చెప్పండి. వేలా, పదివేలా, లక్షలా తేల్చండి.’

హెచ్‌వోడీ గారు ఊరికే ఒప్పుకునే మనిషా! ముందు పదిమంది పిల్లల చేత రాయించమన్నారు. ఇద్దరు విడివిడిగా దిద్దినప్పుడు ఏ పేపర్లోనైనా రెండు మార్కులకు మించి తేడా వస్తే సెమిస్టర్ పరీక్షలో ఆ ప్రశ్న ఉండదన్నారు. ఆ భయంతో ఉమాశ్రీ దిద్దే పద్ధతికి ఓ అంకె బిగించింది. పొలానికి రోజుకు ఐదు మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లనుకుంటే ఎకరానికి ఇరవై వేల లీటర్లు. కాబట్టి పదివేలకూ ముప్ఫైవేలకూ మధ్య వస్తే పది మార్కులు, రాకపోతే సున్నా. అక్కడే పప్పులో కాలేసింది తల్లి.

ఆమె దిద్దింది, సీనియర్ వేంకటేశ్వర్లు గారూ దిద్దారు. ఒక్క మార్కు తేడా రాలేదు. ప్రశ్న ఖాయమన్నారు హెచ్‌వోడీ గారు. ఎగిరి గంతేయాల్సింది పోయి, ఇంత సాఫీగా ఎలా కుదిరిందా అని ఉమాశ్రీకి అనుమానమొచ్చింది. మళ్లీ కట్ట విప్పింది.

పది మార్కులొచ్చిన కుర్రాడు ఎకరానికి వెయ్యి మొక్కలే అన్నాడు. వేలెడంత మొక్కకు రోజూ ఇరవై లీటర్ల బకెట్ పోశాడు! రెండు తప్పులూ కలిసి ఇరవై వేలయ్యాయి. సున్నా వచ్చిన రూబీ, దారులకు సగం చోటు వదిలి, చదరపు మీటరుకు వంద మొక్కల కవర్ల చొప్పున రెండు లక్షల మొక్కలంది. కవరుకు పావు లీటరు పోసి యాభై వేలు తేల్చింది. కింద ఇంకో ముక్క: ‘మా అమ్మ పనిచేసే నర్సరీలో మోటారు గంటకు ఇరవై వేల లీటర్లు తోడుతుంది. రోజూ రెండున్నర గంటలు వేస్తారు. కనుక సరిపోతుంది.’

సున్నా చుట్టింది తన ఎర్ర పెన్నే. ఉమాశ్రీకి సిగ్గేసింది.

తిన్నగా హెచ్‌వోడీ గారి గదికి వెళ్లి చెప్పింది. “మా ఇద్దరికీ తేడా రాలేదంటే, ఇద్దరం ఒకే తప్పు చేశామండి. ఆ అంకె తీసేస్తాను. ఊహలకు ఐదు మార్కులు, లెక్కకు మూడు, సరిచూసుకున్నందుకు రెండు.”

“తేడా వస్తే మీ ప్రశ్న పోతుందమ్మా,” అన్నారాయన.

“పోనివ్వండి.”

మళ్లీ దిద్దారు. మిగతా ఎనిమిది పేపర్లలో ఒకటీ అరా తేడా. బకెట్ కుర్రాడికి ఇద్దరూ మూడే వేశారు. రూబీకి ఉమాశ్రీ పది, వేంకటేశ్వర్లు గారు ఎనిమిది. సరిగ్గా రెండు. ప్రశ్న ఒడ్డున పడింది.

సాయంత్రం రూబీని పిలిచి, పాత సున్నా కూడా దాచకుండా చూపించి, తప్పు తనదేనని చెప్పింది. ఆ పిల్ల పేపరు వంక చూస్తూ నెమ్మదిగా అంది: “ఆ మోటారు సంగతి కొట్టేద్దామనుకున్నానండి. అమ్మ పని గురించి రాస్తే మార్కులు పోతాయేమోనని.”